దవడలో టక్కు, నమిలితే నొప్పి

ఆవలించినప్పుడో, పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంటున్నప్పుడో చెవి పక్కన ‘టక్’మని చప్పుడు వినిపించడం చాలామందికి తెలిసిన అనుభవమే. పెద్దవాళ్ళని వరసగా కూర్చోబెట్టి పరీక్షిస్తే దాదాపు మూడో వంతు మందిలో ఏదో ఒక స్థాయిలో ఈ చప్పుడు దొరుకుతుంది. వాళ్ళలో ఎక్కువమందికి నొప్పి ఉండదు, నోరు తెరవడానికి అడ్డూ ఉండదు. ఏళ్ళ తరబడి అది అలాగే ఉండిపోతుంది. దానికి వైద్యమేమీ అక్కర్లేదు.

ఇంకొందరికి చప్పుడు ఉన్నా లేకపోయినా చపాతీ నములుతుంటే దవడ లాగుతుంది. పొద్దున్నే లేచేసరికి బుగ్గలు బిగుసుకుపోయి ఉంటాయి. సాయంత్రానికి కణతల్లో నొప్పి మొదలవుతుంది. పట్టించుకోవాల్సింది ఈ నొప్పిని. చప్పుడూ నొప్పీ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తే చప్పుడే నొప్పికి కారణమనిపిస్తుంది. చాలాసార్లు అది నిజం కాదు. చప్పుడు కీలు లోపల పుడుతుంది, నొప్పి ఎక్కువగా కీలు చుట్టూ ఉన్న కండరాల్లో పుడుతుంది. ఈ తేడా పట్టుకోకపోతే లేని జబ్బుకి వైద్యం జరుగుతుంది, ఉన్న బాధ మిగిలిపోతుంది.

డాక్టర్లు రోజూ చూసే కేసుల్లాంటిది ఒకటి ఊహించుకుందాం. ఖమ్మంలో ఒక హైస్కూలు టీచరు, వయసు 34. మార్చి నెల, పరీక్షల పేపర్లు దిద్దే రోజులు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఒంట్లో బాగాలేదు, నిద్ర సరిగ్గా ఉండటం లేదు. కుడి చెవిలో పోటు మొదలైంది. మందుల షాపులో చుక్కల మందు తెచ్చి వేసుకున్నారు, తగ్గలేదు. ఈఎన్‌టీ డాక్టరు చెవిలోకి లైటు వేసి చూశారు. కర్ణభేరి శుభ్రంగా ఉంది, చీము లేదు, వినికిడి బాగుంది. ఆయన చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవమన్నారు. వేలి కింద టక్కుమంది. తర్వాత బుగ్గ మీద నొక్కితే ఆవిడ ఉలిక్కిపడ్డారు. “చెవిలో ఏమీ లేదమ్మా, ఇది దవడది. ఒకసారి పళ్ళ డాక్టరుకి చూపించండి” అని పంపారు.

దవడ నొప్పి చెవిలో ఎందుకు తెలుస్తుంది? దవడ కీలు సరిగ్గా చెవి రంధ్రానికి ముందే ఉంటుంది, మధ్యలో ఉన్నది పల్చటి ఎముక గోడ. కీలుకీ, చెవి ముందు భాగానికీ, నమిలే కండరాలకీ, పళ్ళకీ స్పర్శ తెచ్చేది ట్రైజెమినల్ అనే ఒకే నరం కొమ్మలు. ఒక కొమ్మ నుంచి వచ్చిన నొప్పిని మెదడు పక్క కొమ్మదిగా పొరబడుతుంది. అందుకే బుగ్గ కండరం నొప్పి చెవిలో పోటుగానో, కింది దంతాల్లో సలుపుగానో తెలుస్తుంది. పన్ను నొప్పి అనుకుని మంచి పంటికి రూట్ కెనాల్ చేయించుకున్న తర్వాత కూడా నొప్పి అలాగే ఉన్నవాళ్ళలో కొందరి కథ ఇదే.

ఇప్పుడు ఆ కీలు ఎలా పనిచేస్తుందో చూద్దాం. రెండు చూపుడువేళ్ళని రెండు చెవుల ముందు ఆనించి నెమ్మదిగా నోరు తెరవండి. మొదట వేళ్ళ కింద ఏదో తిరుగుతున్నట్టు ఉంటుంది. నోరు రెండు సెంటీమీటర్లు దాటి తెరుచుకునేసరికి ఆ గుబ్బ ముందుకు జారి, వేలి కింద చిన్న గుంట ఏర్పడుతుంది. ఒకే కీలు మొదట తిరుగుతుంది, తర్వాత జారుతుంది. మోకాలు, మోచేయి ఇలా జారవు. పైగా కింది దవడ ఒకటే ఎముక కాబట్టి కుడి కీలు కదిలితే ఎడమది కదలక తప్పదు. ఒక పక్క ఇబ్బంది ఉంటే రెండో పక్క కూడా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది.

కింది దవడ గుబ్బకీ పైన పుర్రె ఎముకలో ఉన్న గుంటకీ మధ్య ఒక మెత్తటి బిళ్ళ ఉంటుంది. డాక్టర్లు దాన్ని డిస్క్ అంటారు. నీళ్ళ బిందె మోసే మనిషి తల మీద పెట్టుకునే చుట్టకుదురు గుర్తుందా? ముందూ వెనకా అంచులు మందంగా, నడుమ పల్చగా ఉండే ఈ బిళ్ళ గుబ్బ మీద అలా కుదురుగా కూర్చుంటుంది. నోరు తెరిచినప్పుడు గుబ్బతో పాటే ముందుకు జారుతుంది, మూసినప్పుడు దానితో పాటే వెనక్కి వస్తుంది. దీన్ని గుబ్బకి కట్టిపెట్టిన తంతువులు ఏ కారణంగానైనా సాగితే, నోరు మూసి ఉన్నప్పుడు బిళ్ళ కాస్త ముందుకు జారి ఉంటుంది. అప్పుడు నోరు తెరిస్తే గుబ్బ ముందుకు వెళ్ళి బిళ్ళ వెనక అంచుకు తగులుతుంది, దాన్ని దాటి నడుమ ఉన్న పల్చని చోట పడుతుంది. మీకు వినిపించే ‘టక్’ అదే. నోరు మూసేటప్పుడు బిళ్ళ మళ్ళీ జారిపోతూ ఇంకోసారి చిన్నగా చప్పుడు చేయవచ్చు.

అంటే టక్కుమన్నప్పుడు ఎముక విరగడం లేదు, అరగడం లేదు. బిళ్ళ మళ్ళీ తన చోటికి చేరుతోంది. ఏ బాధా లేని ఆరోగ్యవంతులకి ఎంఆర్ఐ తీసి చూసినా చాలామందిలో ఈ బిళ్ళ పక్కకి జరిగే కనిపిస్తుంది. వాళ్ళకి ఆ సంగతి తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. చప్పుడు పోగొట్టడమే లక్ష్యంగా పెట్టుకుని చేసే చికిత్సలని నేను అనుమానంగానే చూస్తాను. నొప్పి లేని చప్పుడుకి డబ్బు పెట్టి, దవడని కెలికించుకుని, లేని నొప్పి తెచ్చుకోవడం అన్యాయం.

ఈ చప్పుడు విషయంలో జాగ్రత్త పడాల్సిన సందర్భం ఒకటి ఉంది. ఏళ్ళుగా టక్కుమంటున్న దవడ ఒక రోజు హఠాత్తుగా చప్పుడు మానేసి, నోరు సగమే తెరుచుకుంటే అది బాగుపడటం కాదు. జరిగిన బిళ్ళని గుబ్బ దాటలేకపోతోందని అర్థం. అప్పుడు నోరు 25, 30 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, తెరిచేటప్పుడు గడ్డం బాధ ఉన్న పక్కకే వంగిపోతుంది. దవడ పట్టేసిందని అంటుంటారే, అది ఇదే కావచ్చు. చప్పుడు ఉన్నవాళ్ళలో కొద్దిమందికే ఇలా అవుతుంది. అయినప్పుడు మాత్రం వాయిదా వేయకుండా ఆ వారంలోనే చూపించుకోవాలి. మొదటి వారాల్లో డాక్టరు చేతితో కదిపి, వ్యాయామాలతో సరిచేయడం తేలిక, నెలలు గడిస్తే కష్టమవుతుంది. టక్కుమనకుండా ఇసక రాపిడిలా కరకర వినిపిస్తుంటే అది వేరే సంగతి. కీలు పైపొరలు అరిగినప్పుడు వచ్చే శబ్దం అది. వయసు మళ్ళినవాళ్ళలో, కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో ఎక్కువ.

మన టీచరు గారి దగ్గరికి మళ్ళీ వద్దాం. పళ్ళ డాక్టరు మొదట చాలాసేపు ప్రశ్నలే అడిగారు. చప్పుడు ఎప్పటి నుంచి? కాలేజీ రోజుల నుంచీ ఉంది, ఎప్పుడూ నొప్పి లేదు. నొప్పి ఎప్పటి నుంచి? మూడు వారాలు. ఏ వేళ ఎక్కువ? పొద్దున లేచేసరికి బిగుసుకుని ఉంటుంది, పేపర్లు దిద్దిన సాయంత్రం బాగా ఎక్కువ. ఈ జవాబులతోనే సగం తేలిపోయింది. పదిహేనేళ్ళుగా మార్పు లేని చప్పుడు మూడు వారాల కిందట కొత్తగా మొదలైన నొప్పికి కారణం కాలేదు. ఈ మూడు వారాల్లో ఏం మారిందన్నది వెతకాలి.

తర్వాత చిన్న స్కేలు తీసుకుని పై ముందుపళ్ళ అంచు నుంచి కింది ముందుపళ్ళ అంచు దాకా కొలిచారు. నొప్పి మొదలవకుండా 31 మిల్లీమీటర్లు, బాధ ఓర్చుకుని తెరిస్తే 42. పెద్దవాళ్ళలో మామూలుగా 40 నుంచి 55 దాకా ఉంటుంది. ఇంట్లో స్కేలు లేకపోతే మీ చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళని నిలువుగా పేర్చి ముందుపళ్ళ మధ్య పెట్టి చూసుకోవచ్చు. మూడు వేళ్ళూ పడితే మీ దవడ తెరుచుకోవలసినంత తెరుచుకుంటోంది. రెండే పడుతుంటే చూపించుకోవాలి. టీచరుగారి గడ్డం తెరిచేటప్పుడు కుడికి వంగి, టక్కుమన్నాక మళ్ళీ నడుమకి వచ్చింది. బిళ్ళ జరిగి, మళ్ళీ ఎక్కే కీలు చేసే పని అది. చప్పుడు దగ్గర నొప్పి ఉందా అని అడిగితే లేదన్నారు.

ఆ తర్వాతి పరీక్షకి యంత్రమేదీ అక్కర్లేదు గానీ విలువ మాత్రం ఎక్కువ. డాక్టరు వేలితో బుగ్గ కండరాన్ని, కణత కండరాన్ని, కీలు పైభాగాన్ని ఒక్కోచోట సుమారు కిలో బరువు పడేంత ఒత్తిడితో నొక్కుతూ, నొప్పిగా ఉందా అని అడిగి ఊరుకోకుండా, “మీరు చెప్పే నొప్పి ఇదేనా?” అని అడిగారు. గట్టిగా నొక్కితే ఎవరికైనా ఎక్కడో ఒకచోట నొప్పి పుడుతుంది. రోగికి తెలిసిన ఆ నొప్పే వేలి కింద తిరిగి రావాలి. కుడి బుగ్గ మధ్యలో నొక్కి ఐదు సెకన్లు ఆపేసరికి “అదే, చెవిలోకి వెళ్తోంది” అన్నారు ఆవిడ. కీలు మీద నొక్కితే అంత బాధ లేదు. పళ్ళు తట్టి చూశారు, చల్లదనం తగిలించి చూశారు. పుచ్చు లేదు, పన్ను నొప్పి కాదు. నాలుక అంచుల్లో పళ్ళ అచ్చులు పడి ఉన్నాయి, బుగ్గ లోపల పళ్ళు కలిసే చోట తెల్లటి గీత ఉంది, కోరపళ్ళ మొనలు కాస్త అరిగి చదునయ్యాయి. ఈ గుర్తులు పళ్ళు బిగించే అలవాటు ఉండొచ్చని చెప్తాయి. అవి ఉన్నంత మాత్రాన నొప్పి దాని వల్లేనని రుజువు కాదు. మామూలు ఓపీజీ ఎక్స్‌రే ఒకటి తీశారు. అందులో ఎముకలు, పళ్ళు తెలుస్తాయి, బిళ్ళ కనిపించదు. ఎంఆర్ఐ అడగలేదు. దాని అవసరమూ లేదు. దవడ పట్టేసినప్పుడో, ఆపరేషన్ ఆలోచన ఉన్నప్పుడో, గడ్డలాంటి అనుమానం ఉన్నప్పుడో అది పనికొస్తుంది.

తేలిందేమిటంటే, నొప్పి కుడి బుగ్గ కండరానిది. చప్పుడు పాతది, దాన్ని వదిలేయవచ్చు.

ఆ కండరం ఎందుకు నొస్తోంది? రెండు అరచేతులు బుగ్గల మీద పెట్టి పళ్ళు గట్టిగా బిగించండి. చేతి కింద ఉబికేది మాసెటర్ కండరం. శరీరంలో తన పరిమాణానికి మించిన బలమున్న కండరాల్లో ఇది ఒకటి. నమలడం దానికి భారం కాదు, నమిలేటప్పుడు అది బిగుస్తూ, వదులవుతూ మధ్యమధ్య విశ్రాంతి తీసుకుంటుంది. తిండి, మింగడం అన్నీ కలిపినా రోజు మొత్తంలో పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదానికొకటి తగిలి ఉండే సమయం 20 నిమిషాలకు అటూ ఇటూ ఉంటుంది. మిగతా వేళల్లో పెదవులు మూసి ఉన్నా పళ్ళ మధ్య రెండు, మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. చాలామందికి ఈ మాట కొత్తగా వినిపిస్తుంది. నోరు మూసుకుని కూర్చోవడమంటే పళ్ళు కలిపి కూర్చోవడమే అనుకుంటాం.

ఏకాగ్రతగా పని చేసేటప్పుడు, కోపం అణుచుకునేటప్పుడు, ట్రాఫిక్‌లో బండి నడిపేటప్పుడు, ఫోను చూస్తూ వంగి కూర్చున్నప్పుడు ఆ సందు తెలియకుండానే మూసుకుపోతుంది. గట్టిగా కొరకాల్సిన పని లేదు. పళ్ళు ఊరికే ఆనించి ఉంచినా కండరం కొద్దిగా బిగిసే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని రోజూ కొంతసేపు తేలిగ్గా పళ్ళు బిగించి ఉంచమని చెప్పి చేసిన ప్రయోగాల్లో, కొద్ది రోజులకే కొందరికి ఇలాంటి దవడ నొప్పే వచ్చింది. ఎక్కువ బలంతో క్షణకాలం చేసే పని కన్నా తక్కువ బలంతో గంటల తరబడి చేసేది కండరాన్ని ఎక్కువ అలిసేలా చేస్తుంది. టీచరుగారు పేపర్లు దిద్దిన మూడు వారాలూ జరిగింది అదే.

రాత్రి నిద్రలో పళ్ళు కొరకడం వేరే పని. నిద్ర లోతు తగ్గి మెదడు క్షణకాలం మేల్కొన్నప్పుడు, మనకి తెలియకుండానే కండరాలు వరసగా బిగుస్తూ, వదులవుతూ ఉంటాయి. పక్కన పడుకున్నవాళ్ళకే అది వినిపిస్తుంది. దానికి ఒత్తిడి ఒక్కటే కారణమనడం సరికాదు. మద్యం, సిగరెట్లు, సాయంత్రం దాటాక తాగే కాఫీలు దాన్ని పెంచుతాయి. ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మందులు కొందరిలో దాన్ని మొదలుపెడతాయి. అలాంటి మందులు వాడుతుంటే సొంతంగా మానేయకండి, రాసిన డాక్టరుకి ఈ సంగతి చెప్పండి. గురక గట్టిగా పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉండి, పగలు మగతగా ఉండేవాళ్ళకి నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉండొచ్చు. వాళ్ళకి పళ్ళ రక్షణ కన్నా ముందు నిద్ర పరీక్ష కావాలి. ఒత్తిడితో గట్టి సంబంధం కనిపించేది పగటి బిగింపుకే. పైగా మెలకువలో ఉన్నప్పుడు చేసే పని కాబట్టి మార్చుకోగలిగేదీ అదే.

ఈ నొప్పిని ఎన్నో దశాబ్దాల పాటు పళ్ళ అమరిక తప్పుగా చూశారు. 1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు, వెనక పళ్ళు పోవడం వల్ల దవడ మరీ మూసుకుపోయి, కీలు వెనక భాగాలు నొక్కుకుపోయి చెవి బాధలు వస్తున్నాయని రాశాడు. అక్కడి నుంచి పళ్ళు రాయి పెట్టి చదును చేయడం, వరసగా తొడుగులు వేయడం, కాటు మార్చడం మొదలైంది. తర్వాత జరిగిన అధ్యయనాలు ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టలేదు. పళ్ళు వంకరగా ఉన్న ఎంతోమందికి నొప్పి లేదు, ముత్యాల వరసలా ఉన్నవాళ్ళకి నొప్పి ఉంది. అయినా ఆ ఆలోచన ఇప్పటికీ కొన్ని క్లినిక్కుల్లో బతికే ఉంది. దవడ నొప్పి కోసం మంచి పళ్ళని అరగదీస్తామని, కాటు సరిచేయడానికి నాలుగైదు తొడుగులు వేస్తామని, క్లిప్పులు పెడితే నొప్పి పోతుందని ఎవరైనా అంటే ఆగండి, ఇంకో డాక్టరుని అడగండి. ఒకసారి అరిగించిన పన్ను తిరిగి రాదు.

టీచరుగారికి డాక్టరు ఏం చెప్పారంటే, మొట్టమొదట నోటికి ఒక కొత్త విశ్రాంతి స్థానం నేర్పాలి. ‘న’ అనే అక్షరం పలికి, నాలుక కొన ఆగిన చోటే దాన్ని ఉంచండి. పెదవులు కలపండి, పళ్ళు విడిగా ఉంచండి. నాలుక అక్కడ ఉన్నంతసేపు పళ్ళు బిగించడం కష్టం. ఇది చేయడం తేలికే, గుర్తుపెట్టుకోవడమే కష్టం. అందుకని పేపర్ల కట్ట మీద, ఫోను వెనక, వంటింటి గట్టు మీద, స్కూటరు అద్దం మూల చిన్న రంగు చుక్కలు అతికించమన్నారు. చుక్క కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న, పళ్ళు తగులుతున్నాయా? తగులుతుంటే భుజాలు దించి, గాలి వదిలి, నాలుకని తన చోట పెట్టుకోవాలి. మొదటి రోజు సాయంత్రానికే ఆవిడకి ఆశ్చర్యమేసింది. చూసిన ప్రతిసారీ పళ్ళు కలిసే ఉన్నాయి.

మూడు, నాలుగు వారాలు మెత్తటి తిండి తినమన్నారు. పప్పన్నం, ఇడ్లీ, ఉప్మా, మెత్తగా ఉడికిన కూర, పెరుగన్నం సరిపోతాయి. జంతికలు, చేగోడీలు, చెరుకు, గట్టి జామకాయ, మాంసం ఎముకలు, చూయింగ్‌గమ్ పక్కన పెట్టాలి. నొప్పి లేని పక్కనే నమలాలని అనిపిస్తుంది, అది రెండో పక్కని అలిసేలా చేస్తుంది. చిన్న ముక్కలు చేసుకుని రెండు పక్కలా నమలాలి. నెలల తరబడి గంజి తాగుతూ కూర్చోవడం కూడా మంచిది కాదు, వాడని కండరం ఇంకా బలహీనపడుతుంది. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి, నోరు మరీ తెరుచుకోకుండా ఆపుకోవాలి.

వేడి నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలుతో బుగ్గకి రోజుకి రెండుసార్లు, 15 నిమిషాల చొప్పున కాపడం. కాపడం అయ్యాక రెండు వేళ్ళతో బుగ్గ కండరాన్ని గుండ్రంగా మర్దన. ఆ తర్వాత నాలుక కొనని పై అంగిలికి ఆనించి, అది ఊడిపోనంత వరకే నోరు నెమ్మదిగా తెరిచి మూయడం, ఒక్కో విడతకి ఆరుసార్లు, రోజుకి ఐదారు విడతలు. నాలుక ఆని ఉంటే గుబ్బ ఎక్కువ ముందుకి జారదు, అందుకే టక్కు కూడా రాదు. నొప్పి మాత్ర కొద్దిరోజులకే రాశారు, అదీ కడుపులో పుండు, కిడ్నీ ఇబ్బంది, బీపీ ఉన్నాయా అని అడిగి. నొప్పి మాత్రలు షాపులో కొని నెలల తరబడి మింగే అలవాటు మన దగ్గర చాలా ఎక్కువ. దవడ నొప్పి తగ్గించుకోబోయి కిడ్నీ పాడుచేసుకున్నవాళ్ళ బాధ చిన్నది కాదు.

నైట్‌గార్డు సంగతి ఆవిడే అడిగారు. రాత్రి పళ్ళకి తొడుక్కునే ప్లాస్టిక్ పలక అది. పళ్ళు అరగకుండా కాపాడుతుంది, కొందరికి పొద్దుటి బిగింపు తగ్గిస్తుంది. బిగించడాన్ని మాత్రం ఆపదు. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దీర్ఘకాలపు దవడ నొప్పి గురించి ప్రచురించిన మార్గదర్శకాల్లో ముందు వరసలో నిలిచినవి ఆలోచనలనీ అలవాట్లనీ మార్చే కౌన్సెలింగ్, దవడ వ్యాయామాలు, ఫిజియోథెరపిస్టు చేతి చికిత్స, కూర్చునే తీరు సరిచేసే వ్యాయామాలు. మామూలు పలకలు, బొటాక్స్ ఇంజెక్షన్లు, కీలు కడిగే ప్రక్రియలు ఆ వరసలో లేవు. దవడ అమరికనే శాశ్వతంగా మార్చేసే పలకలని, బిళ్ళ తీసేసే ఆపరేషన్‌ని గట్టిగా వద్దన్నారు. పళ్ళు బాగా అరుగుతుంటే పలక వేసుకోవడంలో తప్పు లేదు. కానీ అది పళ్ళ డాక్టరు కొలత తీసి, వరసలో అన్ని పళ్ళనీ కప్పేలా చేసినదై ఉండాలి. ముందుపళ్ళకి మాత్రమే తొడిగేవి, ఆన్‌లైన్‌లో కొని వేడినీళ్ళలో మెత్తపరిచి కొరికేవి నెలల తరబడి వాడితే పళ్ళు కదిలి, కాటు మారిపోయే ప్రమాదం ఉంది.

ఆరు వారాల తర్వాత టీచరుగారికి నొప్పి లేకుండా 41 మిల్లీమీటర్లు తెరుచుకుంది. చెవి పోటు వారాల కిందటే పోయింది. పేపర్లు అయిపోవడం, నిద్ర కుదురుకోవడం కూడా అందులో సాయపడ్డాయి. టక్కు మాత్రం అలాగే ఉంది. డాక్టరు దాన్ని విని, రాసుకుని, వదిలేశారు. ఈ కండరాల నొప్పి చాలామందిలో ఇలాగే వారాల్లో దారికి వస్తుంది. కొందరిలో మాత్రం నెలలు దాటి ఉండిపోతుంది, ముఖ్యంగా మెడ నొప్పి, తలనొప్పి, నిద్రలేమి, దిగులు కూడా ఉన్నవాళ్ళలో. వాళ్ళకి దవడ ఒక్కదాన్నే పట్టుకుని చేసే వైద్యం చాలదు. ఆడవాళ్ళలో ఈ బాధ మగవాళ్ళ కన్నా దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. ‘టెన్షన్ పడకు’ అని ఇంట్లోవాళ్ళు ఒక మాటతో తేల్చేయడం వాళ్ళకి మందు కాదు. కండరం నిజంగానే నొస్తోంది.

నొప్పి రెండు, మూడు వారాలకీ తగ్గకపోతే, మూడు వేళ్ళు పట్టకపోతే, పళ్ళు కలిసే తీరు అకస్మాత్తుగా మారినట్టు అనిపిస్తే, దెబ్బ తగిలాక మొదలైతే, పళ్ళు అరుగుతూ, సిమెంటు ముక్కలు ఊడుతుంటే పళ్ళ డాక్టరుని కలవండి. ఆవలించాక నోరు తెరిచే ఉండిపోయి మూతపడకపోతే గుబ్బ కీలు దాటి బయటికి వచ్చిందని అర్థం. ఇంట్లో కొట్టి, నొక్కి మూయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. వాపు, జ్వరంతో నోరు తెరుచుకోకపోతే జ్ఞానదంతం దగ్గర చీము ఉండొచ్చు. మింగడం, ఊపిరి కష్టమైతే అది అదే రోజు తేల్చుకోవలసిన సంగతి.

మన ప్రాంతంలో మరీ ముఖ్యంగా చెప్పుకోవలసింది గుట్కా, వక్క, పాన్ మసాలా నమిలేవాళ్ళ సంగతి. వాళ్ళ నోరు నెలనెలా కొద్దికొద్దిగా చిన్నదవుతుంది. కారం తగిలితే భరించలేని మంట, బుగ్గ లోపల పాలిపోయి తోలులా గట్టిపడటం, లోపలి పొరలో తాళ్ళలాంటి బిగువు దీని గుర్తులు. టక్కు ఉండదు, చాలామందికి నొప్పి కూడా పెద్దగా ఉండదు. దీన్ని దవడ పట్టేసిందనుకుని కాపడాలు పెట్టుకుంటూ ఉండిపోతారు. ఇది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే జబ్బు, వక్కలో ఉన్న పదార్థాల వల్ల వస్తుంది, క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్నది. మూడు వేళ్ళ పరీక్షలో రెండే పట్టేవాళ్ళు ఇవి నములుతుంటే ఆ రోజే మానేసి, నోరు చూపించుకోవాలి.

యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణత దగ్గర తలనొప్పి వచ్చి, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ అలిసిపోయి నొప్పి పుడుతూ, ఆపితే తగ్గుతుంటే, తల దువ్వుకుంటే చర్మం నొస్తుంటే అది కణత రక్తనాళం వాపు కావచ్చు. చికిత్స ఆలస్యమైతే చూపు పోతుంది కాబట్టి అదే రోజు ఫిజిషియన్ దగ్గరికి వెళ్ళాలి. మెట్లెక్కినప్పుడు, నడిచినప్పుడు దవడ లాగి, కూర్చుంటే తగ్గేది గుండెకి సంబంధించినది కావచ్చు. షాక్ కొట్టినట్టు సెకన్ల పాటు మెరిసిపోయే నొప్పి నరానిది. ముఖం మొద్దుబారడం, మెడలో గడ్డ, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే దవడ వ్యాయామాలతో కాలం గడపకూడదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలనే సందేహం చాలామందికి ఉంటుంది. మొదట మీ ఊళ్ళో పళ్ళ డాక్టరు చాలు. తేలకపోతే డెంటల్ కాలేజీల్లో ఓరల్ మెడిసిన్ విభాగం ఇలాంటి నొప్పులనే చూస్తుంది. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. వెళ్ళే ముందు ఒక వారం పాటు చిన్న కాగితం మీద నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ వేళ పెరిగింది, అప్పుడు మీరు ఏ పనిలో ఉన్నారు, ఏం నమిలారు, ఎన్ని వేళ్ళు పట్టాయి, వాడే మందులేమిటి అని రాసుకుని తీసుకెళ్ళండి. ఆ కాగితం చాలాసార్లు ఎక్స్‌రే కన్నా ఎక్కువ చెబుతుంది. ఏదైనా చికిత్స చేస్తామన్నప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: “డాక్టరు గారూ, ఇది పనిచేయకపోతే నా పళ్ళూ దవడా మళ్ళీ ఇప్పుడున్నట్టు చేయగలరా?”